నాలుగు చుక్కల కంపెనీ

హెచ్.ఆర్. మేనేజర్ మూడు బయోడేటాలు తీసి టేబుల్ మీద పరిచింది. పేకముక్కలు పేర్చినట్టు ఒక్కోదాన్నీ వేలితో సర్ది మరీ పరిచింది.

"మూడింట్లోనూ ఒకటే కంపెనీ. ఫోర్ బ్రదర్స్ ట్రేడర్స్. అవునా?"

"అవునండీ" అంది ప్లానింగక్క.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. కానీ ఏ మెషిన్ మీద ఏ రోజు ఏ సరుకు తయారవ్వాలో పదిహేనేళ్ల పాటు తేల్చింది ఆమే కాబట్టి, ఆ ఫ్యాక్టరీలో గేటు దగ్గరి వాచ్‌మన్ మొదలుకొని యజమానుల దాకా అందరికీ ఆమె ప్లానింగక్కే. ఫ్యాక్టరీ పోయినా ఆ పిలుపు పోలేదు.

"ఇది మోల్డులు బాగుచేసే ఆయనది. 'చిన్న ప్లాస్టిక్ యూనిట్, అరవై నాలుగు మంది' అని రాశారు. ఇది స్టోర్ కీపర్‌ది. ఆయన లెక్కలో అదే కంపెనీ 'ఆరువందల మందితో నడిచిన అంతర్జాతీయ ప్యాకేజింగ్ దిగ్గజం'. మూడోది మీది. మీరేం రాశారు?"

ప్లానింగక్క కాగితం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. కంపెనీ పేరు, చేరిన సంవత్సరం, మానిన సంవత్సరం. ఆ కింద ఖాళీ.

"ఏమీ రాయలేదండీ."

"ఎందుకని?"

"పేరు చెబితే చాలనుకున్నా."

హెచ్.ఆర్. మేనేజర్ నవ్వలేదు. అలాగని విసుక్కోనూ లేదు. రోజుకు వంద బయోడేటాలు చూసే మనిషి ఓపిక అది. "నాకా పేరు తెలీదు. వెబ్‌సైటు తెరుచుకోవట్లేదు. పాత నంబరుకి ఫోన్ చేస్తే ఏదో బ్యూటీ పార్లర్ వాళ్లు ఎత్తారు. ఫేషియలా, హెయిర్ కట్టా అని అడిగారు. ఇక ట్రేడర్స్ అనే మాట చూస్తే నాకు గుర్తొచ్చేది సబ్బులూ అగ్గిపెట్టెలూ అమ్మే కొట్టు. పదిహేనేళ్లు కొట్లో కూర్చున్నావిడకి సిరంజిల ఫ్యాక్టరీలో ప్లానింగ్ మేనేజర్ పోస్టు ఎలా ఇస్తానండీ?"

ప్లానింగక్కకు చెవులు వేడెక్కాయి. ఫ్యాక్టరీ మూతపడ్డ ఈ ఎనిమిది నెలల్లో బయోడేటా ఎన్నో చోట్లకు పంపింది. ఒక్కరూ పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇప్పుడు తెలిసింది. తన పదిహేనేళ్లను వాళ్లంతా కొట్లో పొట్లాలు కట్టిన పదిహేనేళ్లుగా చదివి పక్కన పడేశారు.

"మరి ఈసారి ఎందుకు పిలిచారు?"

"పిలిచింది మీ బయోడేటా చూసి కాదు. మూడూ పక్కపక్కన పెడితే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని తేలింది, అందుకు. ఒకే చోటి నుంచి వచ్చినవాళ్ల మాటకి పొంతన లేకపోతే ముగ్గుర్నీ పక్కన పెట్టేస్తాం. మళ్లీ ఎప్పుడు దరఖాస్తు పెట్టినా మీ పేర్లు ముందుకు కదలవు. ఇక్కడ పద్ధతి అది." ఆమె మూడో కాగితాన్ని ముందుకు జరిపింది. "ముగ్గురిలో అబద్ధం రాయనిది మీరొక్కరే. నిజమూ రాయలేదనుకోండి."

ఆ తర్వాత కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించింది. ఎంపికకు వచ్చిన వాళ్ల పేర్లన్నీ ఒక పట్టీగా ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా పాత కంపెనీ, దాని కింద ఒకే ఒక్క లైను.

"మా ప్లాంట్ హెడ్ చూసేది ఇదొక్కటే. అందరికీ తెలిసిన కంపెనీ అయితే ఆ లైను ఖాళీగా ఉన్నా నడుస్తుంది. తెలియని కంపెనీ అయినా, మూతపడ్డ కంపెనీ అయినా, అది ఏం చేసేది, ఎంత పెద్దది అన్నది ఆ లైన్లోనే తెలియాలి. రేపు పదకొండింటికి ఆయన కూర్చుంటారు. ముగ్గురికీ కలిపి ఒకటే లైను తీసుకురండి. నేను నమ్మేలా ఉండాలి. దాన్ని పరీక్షించుకోడానికి నాకు దారి కూడా ఉండాలి."

*

సాయంత్రం ప్లానింగక్క ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ముగ్గురూ చేరారు. బల్ల ఆ చివర అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుంది. ఆవిణ్ని ఎవరూ పిలవలేదు, లేచి వెళ్లమనే ధైర్యమూ ఎవరికీ లేదు.

"ఆరువందల మందట" అన్నాడు టూల్‌రూమ్ బాబాయ్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మూతలు పోసే ఇనప మోల్డులు అరిగినా విరిగినా బాగుచేసేది ఆయనే. "ఒరే, ఆరువందల మందిని నువ్వు ఎక్కడ చూశావురా? కలలోనా?"

"కల కాదు బాబాయ్, లెక్క." స్టోర్స్ తమ్ముడు ముప్పై దాటిన కుర్రాడు. మాట తడబడటం అతనికి అలవాటు లేదు. "నేను చేరినప్పటి నుంచి ఎన్ని జతల సేఫ్టీ బూట్లు ఇచ్చానో నాకు గుర్తే. ఆరువందల పైచిలుకు. మనిషికో జత. మరి ఆరువందల మంది ఉన్నట్టేగా?"

"మానేసిన వాళ్లో?"

"బూట్లు తీసుకునే మానేశారుగా."

బాబాయ్ నెత్తి కొట్టుకున్నాడు. ప్లానింగక్క ఆయన వైపు తిరిగింది. "నవ్వకు బాబాయ్. నువ్వు రాసిన అరవై నాలుగు ఎక్కడిది?"

"పర్మనెంట్ వాళ్లం అంతేగా అమ్మాయ్."

"కాంట్రాక్ట్ వాళ్లు నూట పదహారు మంది. ఇరవై నాలుగు గంటలూ మెషిన్ల పక్కన నిలబడింది, మూతలు ఏరింది, పెట్టెల్లో పెట్టింది వాళ్లేగా. వాళ్లు మనుషులు కారా?"

బాబాయ్ టీ కప్పులోకి చూశాడు. "తక్కువ రాస్తే నిజాయితీపరుడు అనుకుంటారని..."

"నువ్వు తగ్గించావు, వీడు పెంచాడు, నేను మింగేశాను. మొత్తానికి మన కంపెనీ పరువు మనమే తీశాం."

చిక్కుడు గింజ ఒకటి గిన్నెలో టంగుమంది.

"పనిరోజున మూడు షిఫ్టుల్లో కలిపి ఎంతమంది?" ప్లానింగక్క తనకు తనే అడిగి తనే చెప్పింది. "నూట ఎనభై. షిఫ్టు చార్టులు వేసింది నేను. ఇక దీని మీద వాదన లేదు."

"సరే అక్కా. ముందు మాట నేను చెప్తా, రాసుకో." తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ప్యాకేజింగ్ సొల్యూషన్స్ రంగంలో అగ్రగామి సంస్థ."

బల్ల ఆ చివర నుంచి అత్తగారు అడిగింది. "అంటే అట్టపెట్టెలా బాబూ?"

"కాదు పిన్నిగారూ, మూతలు."

"మరి మూతలని చెప్పక, ఆ తిరుగుడంతా దేనికి?"

ప్లానింగక్క చప్పున తలెత్తింది. ఎనిమిది నెలలుగా తనకు కావలసిన మనిషి చిక్కుళ్లు ఒలుస్తూ ఎదురుగానే ఉంది. కంపెనీ గురించి ఏమీ తెలియని మనిషి, ఒక్కసారే వినే మనిషి, అర్థం కాకపోతే మొహమాటం లేకుండా చెప్పేసే మనిషి. ప్లాంట్ హెడ్ అయినా ఇంతకన్నా ఏం చేస్తాడు?

"అత్తయ్యా, మేం ఒక్కో లైను చెప్తాం. మీకు వినగానే ఏం తోచిందో అది చెప్పండి."

"నా తెలివితక్కువతనానికి ఇన్నాళ్లకి పని తగిలిందన్నమాట. కానివ్వండి."

"ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్" అన్నాడు బాబాయ్.

"బకెట్లు, మగ్గులు."

"మూతల ఫ్యాక్టరీ."

"గిన్నెల మీదవా?"

"మందు సీసాల మూతల ఫ్యాక్టరీ" అన్నాడు తమ్ముడు.

అత్తగారు కోడలి వైపు అదోలా చూసింది. "ఏ మందే? తాగేదా?"

"తాగేదే... అంటే ఆ తాగేది కాదు పిన్నిగారూ" అని తమ్ముడు కంగారుపడ్డాడు. బాబాయ్‌కి టీ పొలమారింది.

"సిరప్ సీసాలు" అంది ప్లానింగక్క. "దగ్గుకీ జ్వరానికీ వేసుకునే సిరప్‌లు. ముప్పై మందుల కంపెనీలకి మూతలు మా దగ్గర్నుంచే వెళ్లేవి. రోజుకి పదిహేను లక్షలు."

అత్తగారి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "పదిహేను లక్షలా? మూతలా? రోజుకా?"

"రోజుకే."

"నువ్వు చూసుకునేదానివా అదంతా?"

"ఏ మూత ఎప్పుడు తయారవ్వాలో నేను చెప్పేదాన్ని. తయారుచేసేది వీళ్లందరూ."

ఆవిడ లేచి గూట్లోంచి తన దగ్గు సిరప్ తెచ్చింది. బాబాయ్ అందుకుని మూత తీసి, తిరగేసి, లోపలి వైపు వెలుతురులోకి తిప్పి చూపించాడు. మధ్యలో చిన్న అంకె. పక్కన నాలుగు బుడిపెలు, చీమతలల్లా.

"నాలుగు చుక్కలు చూశావా అక్కయ్యా? నలుగురు అన్నదమ్ముల గుర్తు. మా మోల్డులన్నిట్లోనూ చెక్కి ఉండేది. ఆ అంకె, మోల్డులో ఏ గుంటలోంచి వచ్చిన మూతో చెబుతుంది. మూత సరిగా పట్టకపోతే ఏ గుంట చెడిందో ఆ అంకెని బట్టి తెలిసిపోతుంది."

అత్తగారు ఆ మూతను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. "పక్కింటావిడ ఎప్పుడడిగినా, మా కోడలు ఏదో ట్రేడర్స్‌లో చేసేది అంటాను. ఆవిడ 'పోన్లెండి, సరుకులు చవగ్గా వచ్చేవి' అంటుంది. ఇన్నేళ్లు ఒక్క ముక్క చెప్పలేదేమే నాకు?"

"పేరు చెబితే చాలనుకున్నా అత్తయ్యా" అంది ప్లానింగక్క. ఆ రోజు ఆ మాట అనడం అది రెండోసారి. ఈసారి తనకే చేదుగా తగిలింది.

తమ్ముడు ముందుకు వంగాడు. "అక్కా, ఒక్క మాట. ముప్పై కంపెనీలంటే ఎవరికి తెలుస్తుంది? వాటిలో పెద్దది ఒకటుందిగా, ఇంటింటా తెలిసిన పేరు. అది పడేద్దాం లైన్లో. ఆ ఒక్క పేరుతో పని అయిపోతుంది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఎవరికి సరుకిస్తున్నామో బయట చెప్పబోమని వాళ్లకి రాసిచ్చాం. సంతకం పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నా."

"కంపెనీయే పోయిందక్కా. ఒప్పందం ఎక్కడుంది?"

"కంపెనీ పోయింది. సంతకం పెట్టిన చెయ్యి నాదేగా, ఇక్కడే ఉంది."

బాబాయ్ తల ఊపాడు. తమ్ముడు ఇంకేదో అనబోతే అత్తగారు అడ్డం వచ్చింది. "అవన్నీ సరే. ఇంత పెద్ద ఫ్యాక్టరీ ఎందుకు మూసేశారు మరి? దివాలా తీశారా?"

"కాదు" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆ మాటతోనే ప్లానింగక్కకు ఇంకో ప్రమాదం కనిపించింది. మూతపడింది అని ఊరుకుంటే ప్లాంట్ హెడ్ కూడా ఇదే అనుకుంటాడు. ముంచేసిన కంపెనీ, మునిగిన మనుషులు. ఆమె ఫోన్ తీసి పెద్దాయనకు కలిపింది. నలుగురు అన్నదమ్ముల్లో పెద్దవాడు, ఎనభై ఏళ్లవాడు.

"ట్రేడర్స్ అంటే కొట్టనుకుంటున్నారా?" పెద్దాయన గొంతు స్పీకర్‌లో గరగరలాడింది. "మా నాన్న ఖాళీ సీసాలు కొని అమ్మేవాడమ్మా. ఆయన పెట్టిన బోర్డు అది. మూతలు మొదలుపెట్టాక మార్చమని ఎంతమంది చెప్పినా మేం మార్చలేదు. రాసుకో, నలుగురు అన్నదమ్ములు నెత్తురు ధారపోసి..."

"సార్, ఒక్క లైనేనండీ."

"ఒక్క లైనులో నలభై ఏళ్లా?"

"ఒక్క లైనులోనే. మూసేసింది ఎందుకో నాలుగు మాటల్లో చెప్పండి, చాలు."

పెద్దాయన ఒకసారి గొంతు సర్దుకున్నాడు. "మేం ముసలివాళ్లమయ్యాం. పిల్లలెవరూ అటు రామన్నారు. చివరి ఆర్డరు దాకా ఇచ్చి, ఎవరికీ ఏ లోటూ చెయ్యకుండా తలుపులేశాం. దీన్ని నాలుగు మాటల్లో ఎలా చెప్తావో నీ ఇష్టం." మళ్లీ గొంతు సర్దుకున్నాడు. "నా నంబరు ఇవ్వు వాళ్లకి. ఎవడు అడిగినా నేను చెప్తా, నువ్వు రాసిన ప్రతి అంకెకీ నేను పూచీ."

అక్కడి నుంచి పని చకచకా సాగింది. ముందు లైను మరీ పొడుగైంది. అత్తగారు విని, "మధ్యలో ఊపిరి అందట్లేదు" అంది. 'సుప్రసిద్ధ' పోయింది, 'నాణ్యమైన' పోయింది. "నాణ్యం లేదని ఎవరు రాస్తార్రా?" అని బాబాయే కొట్టేశాడు. తమ్ముడి 'అంతర్జాతీయ' చాలాసేపు పోరాడింది.

"రెండు లారీలు సరిహద్దు దాటాయిగా అక్కా."

"ఒక్కసారి దాటాయి."

"దాటడం అయితే దాటాయిగా."

చివరికి అదీ పోయింది. మిగిలింది ఇంత:

'సిరప్ సీసాల మూతల ఫ్యాక్టరీ: 22 మెషిన్లు, 180 మంది, ముప్పై మందుల కంపెనీలకు రోజుకు పదిహేను లక్షల మూతలు; యజమానుల రిటైర్మెంట్‌తో గత ఏడాది మూసివేశారు.'

ప్లానింగక్క పైకి చదివింది. అత్తగారు ఈసారి ఏమీ అడగలేదు. గిన్నె పక్కకు జరిపి, "ఇంకోసారి చదువు" అంది.

*

మర్నాడు పదింటికే హెచ్.ఆర్. మేనేజర్ ఆ లైను చదివింది. ఆమె కళ్లు ఎక్కడా వెనక్కి పోలేదు, ఒకే ఒక్కసారి చివరిదాకా వెళ్లాయి. మూడు బయోడేటాల్లోనూ అదే లైను ఉందో లేదో చూసుకుని, పట్టీలో ఎక్కించింది. బాబాయ్, తమ్ముడు బయట కుర్చీల్లో ఉన్నారు. తమ్ముడి కాలు ఊగడం అద్దం తలుపులోంచి కనిపిస్తూనే ఉంది.

పదకొండింటికి ప్లాంట్ హెడ్ వచ్చాడు. చేతులకు గ్రీజు వాసన, జేబులో కొలతలు తీసే వెర్నియర్. కుర్చీలో కూర్చోకుండానే తెర మీదికి వంగాడు. పేర్లు ఒక్కొక్కటీ పైకి జరిగాయి. ఒకచోట ఆగాయి.

"ఇది తప్పు" అన్నాడు.

ఆ లైను తమదేనని ప్లానింగక్క చూసింది.

"మా దగ్గర మూడువందల మంది ఉన్నారు. మా సిరంజిలు రోజుకి పది లక్షలు దాటవు. నూట ఎనభై మందితో పదిహేను లక్షలా? ఎవరు రాశారిది?"

"నేనే రాశానండీ." ఆమె లేచి నిలబడింది. పదిహేనేళ్లు రోజూ పొద్దున్నే చెప్పిన లెక్క అది. "మీది సిరంజి. ముక్కలు విడివిడిగా పోసి, జోడించి, పరీక్షించాలి. అక్కడ మనుషులు కావాలి. మాది మూత, మోల్డులోంచి పడితే చాలావరకు పని అయిపోయినట్టే. ఇరవై రెండు మెషిన్లలో రోజూ నాలుగు ఆగి ఉంటాయి, మోల్డు మారుస్తూనో, రిపేరులోనో. నడిచేవి పద్దెనిమిది. మోల్డుకి పదహారు గుంటలు. పద్నాలుగు సెకన్లకి ఒక విడత పడుతుంది. రోజుకి ఇరవై ఒక్క గంటలు నడుస్తాయి. మీరే లెక్కేసుకోండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి నిజంగానే లెక్కేశాడు. వేలు ఆగింది. మళ్లీ మొదట్నుంచి వేశాడు.

"పదిహేనున్నర లక్షలు వస్తోంది. మీరు పదిహేనే రాశారు."

"ఏరి పారేసినవి తీసేశానండీ."

ప్లాంట్ హెడ్ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

హెచ్.ఆర్. మేనేజర్ పాత బయోడేటాలు ముందుకు జరిపింది. "లెక్క బాగానే ఉంది. కానీ వీటి సంగతేంటి? అరవై నాలుగు, ఆరువందలు."

"అరవై నాలుగు పర్మనెంట్ వాళ్లు. మిగతా నూట పదహారు కాంట్రాక్ట్ వాళ్లు, బాబాయ్ వాళ్లని కలపలేదు. ఆరువందలేమో..." ప్లానింగక్క ఒక్క క్షణం తటపటాయించింది. "అది స్టోర్స్‌లోంచి ఇచ్చిన బూట్ల లెక్కండీ."

"బూట్లా?"

"చేరినవాళ్లు, మానినవాళ్లు, అందరివీ. ఎవరి కిటికీలోంచి వాళ్లు చూశారు. అంతర్జాతీయం మాత్రం తప్పే, ఒప్పుకుంటున్నా. వాడూ ఒప్పుకున్నాడు, కష్టం మీద."

ప్లాంట్ హెడ్ మొహం మీద ఏదో కదిలింది, నవ్వు కాబోలు. కానీ తర్వాతి ప్రశ్న సూటిగా వచ్చింది. "ముప్పై మందుల కంపెనీలన్నారు. అందులో పెద్దవి రెండు పేర్లు చెప్పండి."

రెండు పేర్లు. నాలిక చివరే ఉన్నాయి. చెబితే ఇక్కడితో అయిపోతుంది. తన ఉద్యోగం, బాబాయ్ ఉద్యోగం, అద్దం అవతల ఊగుతున్న ఆ కాలు, అన్నీ ఆ రెండు పేర్ల దగ్గరే ఆగి ఉన్నాయి.

"చెప్పలేనండీ. బయట చెప్పబోమని రాసిచ్చాం."

"మూతపడ్డ కంపెనీ కదా."

"అవునండీ. అయినా చెప్పను."

హెచ్.ఆర్. మేనేజర్ కళ్లు మూసుకుని తెరిచింది. అయిపోయింది అన్న చూపు అది. "యజమాని నంబరిచ్చారు. ఇందాకే మాట్లాడాను. అంకెలన్నీ సరిపోయాయి. కానీ ఆయన మీ మనిషేగా. బయటి రుజువు ఒక్కటైనా ఉండాలి."

"ఉందండీ. మీ ఫస్ట్ ఎయిడ్ గదిలో సిరప్ సీసాలుంటాయా?"

"ఉంటాయి."

"వాటి మూతలు తెప్పిస్తారా? మూతలు మాత్రమే. సీసాలు వద్దు."

కాసేపటికి నర్సు ఒక ట్రేతో వచ్చింది. ఏడు మూతలు, తెల్లవి, ఎర్రవి, ఒకటి నీలం. "త్వరగా ఇచ్చెయ్యండి సార్. అక్కడ సీసాలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. ఏ మూత దేనిదో నేనొక్కదాన్నే గుర్తుపెట్టుకోవాలి" అని గొణిగింది.

ప్లానింగక్క ట్రేను ఆయన ముందుకు జరిపింది, ముట్టుకోలేదు. "మూత లోపల చూడండి. పక్కపక్కన నాలుగు చుక్కలుంటే అది మాది."

మొదటిది తిప్పాడు. లేవు. రెండోది, లేవు. మూడోది వెలుతురులో పెట్టి కళ్లు చికిలించాడు. ట్రేలో ఒక పక్కన పెట్టాడు. నాలుగోది దాని పక్కన. ఐదోది. ఆరోది ఊరికే పోయింది. ఏడోది, ఆ నీలం మూత, కూడా వచ్చి చేరింది.

ఏడింట్లో నాలుగు.

ఆయన ఆ నాలుగింటినీ వరసగా పేర్చి, ట్రే అంచు మీద వేళ్లు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత తలెత్తాడు. "సీసాలు ఎందుకు వద్దన్నారు?"

"సీసా మీద పేరుంటుంది కదండీ. మూత మా గుర్తు, చూపించొచ్చు. ఆ పేరు వాళ్లది."

ప్లాంట్ హెడ్ హెచ్.ఆర్. మేనేజర్ వైపు తిరిగాడు. "మన దగ్గర సరుకు కొనే ఆసుపత్రుల గురించి రేపు ఎవరైనా ఈవిణ్ని అడిగినా ఇదే జవాబు చెబుతుంది." లేచాడు. "ప్లానింగ్‌కి ఈవిడ. టూల్‌రూమ్‌కి ఆయన్ని రేపే రమ్మనండి, మన మోల్డులు మూడు కదలకుండా పడున్నాయి. స్టోర్స్ అబ్బాయి..."

అద్దం అవతల కాలు ఊగడం ఆగిపోయింది.

"అతన్నీ తీసుకోండి. బూట్లు మాత్రం వేరేవాళ్లు లెక్కపెడతారు."

నర్సు ట్రే తీసుకుని వెళ్లబోతుంటే ఆయన నీలం మూత మళ్లీ అందుకుని ఒక్కసారి చూసి ఇచ్చేశాడు. "మంచి మోల్డు. అంచు శుభ్రంగా ఉంది." లేచి తలుపు దగ్గరికి వచ్చి ఆ మాట విన్న బాబాయ్, ఏమీ విననట్టు చొక్కా సర్దుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

*

ఆ మధ్యాహ్నమే తమ్ముడు ఆ లైనును ఫ్యాక్టరీ పాత వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఇంకో మాట కలిపాడు. 'అందరూ ఇదే పెట్టండి. ఒక్క అక్షరం మార్చినా అక్క ఊరుకోదు.' ప్యాకింగ్‌లో చేసిన ఆడవాళ్లు, లారీ డ్రైవర్లు, రాత్రి షిఫ్టు ఆపరేటర్లు, తమను ఎవరూ లెక్కలో వెయ్యరనుకున్న కాంట్రాక్ట్ వాళ్లు, ఒకరి తర్వాత ఒకరు సరేనన్నారు. మెషిన్లు తుడిచిన ఒకావిడ మాత్రం ఒక ప్రశ్న అడిగింది. 'నూట ఎనభైలో నేనూ ఉన్నానా అక్కా?' ప్లానింగక్క బస్సులో నిలబడే జవాబిచ్చింది. 'నువ్వు లేకపోతే నూట డెబ్బై తొమ్మిదే కదా.'

పెద్దాయన నుంచి ఒక ఫోటో వచ్చింది. మనవరాలి చేత ఆ లైను పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి గోడకు తగిలించుకున్నాడు. పాత బోర్డు పక్కనే. బోర్డు మీద ట్రేడర్స్ అలాగే ఉంది.

సాయంత్రం ఆమె ఇంటికి చేరేసరికి గేటు దగ్గర అత్తగారి గొంతు వినిపించింది. పక్కింటావిడ ప్రహరీ అవతల నిలబడి ఉంది.

"ఫ్యాక్టరీ అండీ, కొట్టు కాదు. ఇరవై రెండు మెషిన్లు, నూట ఎనభై మంది, ముప్పై మందుల కంపెనీలకి రోజుకి పదిహేను లక్షల మూతలు. ఓనర్లు పెద్దవాళ్లయి, రిటైరయి మూసేశారు. దివాలా గివాలా ఏం లేదు." ఊపిరి ఎక్కడా ఆగలేదు. రోజంతా సాధన చేసినట్టుంది.

"ఇన్నాళ్లూ ట్రేడర్స్ అన్నారుగా మీరు?" అంది పక్కింటావిడ.

"నాకేం తెలుసు? అది చెప్పి చావదుగా."

పక్కింటావిడకు ఇంకా నమ్మకం కుదరలేదు. "ఎంత చెప్పినా, మూతలేగా వదినా."

అత్తగారు ప్రహరీ మీదికి వంగింది. "మీ పిల్లాడికి దగ్గు అన్నారుగా మొన్న. లోపలికెళ్లి ఆ సీసా మూత తిరగేసి చూడండి. నాలుగు చుక్కలుంటే మావే."

పక్కింటావిడ లోపలికి వెళ్లింది. అత్తాకోడళ్లు ప్రహరీ దగ్గరే నిలబడి ఎదురుచూశారు.